రెపో తగ్గింది, వడ్డీ పెరిగింది

లేమాన్ బ్రదర్స్ కూలిపోయి ప్రపంచమంతా బ్యాంకులు బిగుసుకుపోయిన రోజులవి. 2008 అక్టోబరు ముందు మన రెపో రేటు 9 శాతం. దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉన్న రిజర్వు బ్యాంకు దాన్ని విడతలవారీగా కోసేసి, 2009 మార్చి మొదటివారానికి 5 శాతానికి దించింది. అప్పు చవకైతే పరిశ్రమలు ముందుకొస్తాయన్నది ఆశ. జరిగింది వేరు. 2008 డిసెంబరు ఆఖరున 5.3 శాతం దగ్గరున్న పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి, మార్చి నెలాఖరుకల్లా 7 శాతానికి ఎక్కి కూర్చుంది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఆ ఏడాది బడ్జెట్లో ద్రవ్యలోటు జీడీపీలో 2.5 శాతమే ఉంటుందన్నారు. రైతు రుణమాఫీ, ఆరో వేతన సంఘం బకాయిలు, ఎరువుల సబ్సిడీ, ఆపైన మాంద్యాన్ని తట్టుకోవడానికి ఇచ్చిన పన్ను రాయితీలు, అన్నీ కలిసి లోటు 6 శాతానికి చేరింది. ఆ తేడా అంతా బజారులో అప్పుగా తేవాల్సిందే.

ప్రభుత్వం అప్పు తెచ్చేది వేలంలో. రిజర్వు బ్యాంకు బాండ్లను వేలానికి పెడుతుంది. బ్యాంకులు, ఎల్ఐసీ, పీఎఫ్ సంస్థలు పాడుకుంటాయి. ఏడాది తర్వాత 106 రూపాయలు చేతికొచ్చే బాండు ఒకటుందనుకుందాం. దాన్ని 100కు కొంటే రాబడి 6 శాతం. వచ్చే వారం ఇంకో వేలం, ఆపై వారం మరొకటి అని తెలిసినవాడు 100 ఎందుకిస్తాడు? 99 అంటాడు. అప్పుడు 99 పెట్టి 7 సంపాదించినట్టు, రాబడి 7 శాతం దాటింది. ప్రభుత్వం బేరమాడే స్థితిలో లేదు. జీతాలు ఆగవు, పాత అప్పుల వడ్డీలు ఆగవు. రేటు ఎంతైనా తీసుకుంటుంది. ప్రైవేటు వ్యాపారికి ఆ వెసులుబాటు లేదు.

నూలు మిల్లు విస్తరించాలనుకునే యజమాని ఒకాయన ఉన్నాడనుకోండి. కొత్త యంత్రాల మీద ఏటా 10 శాతం గిట్టుతుందని ఆయన అంచనా. ఎగవేత భయం లేని ప్రభుత్వ బాండు 5.3 ఇస్తుంటే, మిల్లుకిచ్చే అప్పులో ఉన్న రిస్కుకు బ్యాంకు మరో మూడున్నర కలిపి 8.8 అడుగుతుంది. పని సాగుతుంది. బాండు 7 ఇచ్చే రోజున అదే లెక్క 10.5 అవుతుంది. యజమాని ఫైలు మూసేస్తాడు. బ్యాంకు మేనేజరు కాదన్నది లేదు, ప్రభుత్వం అడ్డుకున్నదీ లేదు. ఆ మిల్లు రాలేదని ఏ పుస్తకంలోనూ రాయరు. ఆర్థికవేత్తలు క్రౌడింగ్ అవుట్ అనేది దీన్నే. కట్టని షెడ్డును లెక్కపెట్టడం కష్టం కనుకే దీనిమీద వాదనలు తెగవు.

2009 సంగతికే వద్దాం. అప్పుడు పెట్టుబడులు తగ్గడానికి వడ్డీ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఆర్డర్లు లేవు, ఎగుమతులు పడిపోయాయి. వ్యాపారులు అప్పే అడగనప్పుడు ప్రభుత్వం తీసుకున్నది వాళ్ల వాటా కాదు. కరోనా ఏడాది 2020-21లో కేంద్రం లోటు 9 శాతం దాటినా పదేళ్ల రాబడి 6 శాతం చుట్టుపక్కలే తిరిగింది. ప్రైవేటు గిరాకీ లేదు, రిజర్వు బ్యాంకు తానే పెద్దఎత్తున బాండ్లు కొంది. చిక్కంతా ఫ్యాక్టరీలు నిండుగా నడుస్తూ, కొత్తవి కట్టాలని అందరూ బ్యాంకుల ముందు నిలబడిన రోజుల్లోనే. అప్పుడు రిజర్వు బ్యాంకు బాండ్లు కొని వడ్డీని నొక్కిపట్టబోతే ధరలు లేస్తాయి.

వడ్డీ రేటులో కనబడకుండానే ఇది జరిగిన కాలమూ ఒకటుంది. 1990లో ప్రతి వంద రూపాయల డిపాజిట్లో 38.50 ప్రభుత్వ బాండ్లలాంటి వాటిలోనే పెట్టాలని బ్యాంకులకు నిబంధన. ఎస్ఎల్ఆర్ అంటే అదే. మరో 15 రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి. సగానికి పైగా సొమ్ము పరిశ్రమను చేరకముందే పక్కకు పోయేది. కొనేవాళ్లు కట్టుబడి ఉన్నారు కాబట్టి ప్రభుత్వానికి చవకగానే అప్పు పుట్టేది. ఆ భారాన్ని మిగిలిన సొమ్ము కోసం వచ్చినవాళ్లు ఎక్కువ వడ్డీ రూపంలో మోసేవారు. 1991లో మైదవోలు నరసింహం కమిటీ ఎస్ఎల్ఆర్‌ను అయిదేళ్లలో 25 శాతానికి దించమంది. ఇప్పుడది 18.

రాష్ట్రాలూ ఇదే గంపలోంచి తీసుకుంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బాండ్లు సాధారణంగా మంగళవారం వేలానికి వస్తాయి. కేంద్ర బాండు కన్నా వాటికి కాస్త ఎక్కువే ఇవ్వాలి. రెపో కదలకుండా ఉన్నప్పుడో, తగ్గుతున్నప్పుడో ఈ వేలాల్లో రాబడి వారంవారం పైకి పోతుంటే, పరిశ్రమల రుణాలకూ అప్పటికే గిరాకీ పెరుగుతుంటే, నూలు మిల్లు ఫైలు ఎక్కడో మూతపడుతోందని అనుమానించవచ్చు.