పాల బిల్లులో రూపాయి ఎక్కడ తగ్గుతుంది?

పదిహేను రోజులకోసారి పాల బిల్లు రాగానే చాలామంది రైతులు అడుగున ఉన్న మొత్తం చూసి కాగితం మడిచేస్తారు. తక్కువ వచ్చిందని అనుమానం ఉన్నా, ఎక్కడ తగ్గిందో చెప్పలేక ఊరుకుంటారు. నిజానికి ఆ లెక్క ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో పది నిమిషాల్లో తేలిపోతుంది. పూటపూటకీ ఇచ్చిన చీటీలు దాచి ఉంచుకుంటే చాలు.

గేదె పాలకు చాలా కేంద్రాలు కిలో వెన్న లెక్కన ధర కడతాయి. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. పాలల్లో ఒక శాతం వెన్న ఉంటే కిలో పాలకు 8 రూపాయలు వస్తాయి. 6.4 శాతం ఉంటే 51 రూపాయల 20 పైసలు. అంటే వెన్న ఒక్క పాయింటు, 6.4 నుంచి 6.3కి, తగ్గితే కిలోకు 80 పైసలు పోతాయి.

ఒక ఇంట్లో పొద్దున 4.5 కిలోలు 6.4 వెన్నతో, సాయంత్రం 3 కిలోలు 7.2 వెన్నతో పోస్తున్నారనుకోండి. పొద్దుటి పాలకు 230.40, సాయంత్రపు పాలకు 172.80, వెరసి రోజుకు 403.20 రూపాయలు. రోజూ ఇవే అంకెలైతే పదిహేను రోజులకు 6,048 రూపాయలు రావాలి. బిల్లులో సగటు వెన్న అని ఒక్క అంకే వేస్తే 6.4, 7.2 కలిపి రెండుతో భాగించకండి. అలా చేస్తే 6.8 వస్తుంది. పొద్దుటి పాలు ఎక్కువ కాబట్టి అసలు సగటు 6.72. బిల్లులో 6.72 కనిపించి మీ లెక్కలో 6.8 వస్తే అక్కడ మోసమేమీ లేదు.

ఇక్కడ నేను కిలోలు అన్నాను, లీటర్లు అనలేదు. తేడా అంతా అక్కడే ఉంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. పాలు లీటర్లలో కొలిచి, కిలో పాలకు కట్టిన రేటునే లీటరుకూ వేస్తే నూటికి మూడు రూపాయలు రైతు చేయిజారతాయి. పై అంకెలే లీటర్లయితే అదే 6,048 బదులు దాదాపు 6,229 రావాలి. పక్షానికి 181 రూపాయలు! రేటు కార్డు మీద ధర లీటరుకా, కిలోకా అన్నది ముందు అడిగి తెలుసుకోవాలి. చీటీలోని కొలత కూడా అదేనా అని చూసుకోవాలి.

వెన్న శాతం విషయంలో తొందరపడి ఎవరినీ అనకూడదు. పశువు వెన్న ఏ రోజుకారోజు కొంత మారుతూనే ఉంటుంది. రెండు పితుకుళ్ల మధ్య వ్యవధి తక్కువైన పూట వెన్న ఎక్కువ వస్తుంది. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ, వాటిని దూడ తాగేస్తే కేంద్రంలో అంకె తగ్గుతుంది. ఒక్క పూట తగ్గుదలను పట్టించుకోనక్కర్లేదు. కానీ మేత మారలేదు, పశువు ఎదకు రాలేదు, జబ్బు లేదు, అయినా వారం రోజులుగా అర శాతం తక్కువ వస్తుంటే అడగాల్సిందే. ముందు శాంపిల్ ఎలా తీస్తున్నారో చూడండి. కాసేపు కదలకుండా ఉన్న పాలల్లో వెన్న పైకి తేలుతుంది. గరిటెతో బాగా కలపకుండా తీసిన శాంపిల్ ఎటువైపైనా తప్పు చూపవచ్చు. కలిపి తీసినా అంకె మారకపోతే అవే పాలకు గెర్బర్ పద్ధతిలో, అంటే యాసిడ్ పోసి బ్యుటిరోమీటరులో తిప్పి చేసే పరీక్ష, మరోసారి చేయమని అడగండి. మెషిన్ సరిగా ఉందో లేదో అందులో తేలుతుంది.

చీటీలో ఎస్ఎన్ఎఫ్ అని ఇంకో గడి ఉంటుంది. వెన్న కాక పాలల్లో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం అది. కేంద్రం పెట్టిన హద్దు కన్నా అది తగ్గితే రేటులో కోత పడుతుంది. పాలల్లో నీళ్లు కలిస్తే వెన్నా, ఇదీ రెండూ తగ్గుతాయి. వెన్న మాత్రమే తగ్గి ఇది ఉన్నచోటే ఉంటే నీళ్లన్న మాట నిలవదు.

కోతల దగ్గర చూపు ఇంకా నిదానంగా సాగాలి. దాణా బస్తాలు, గేదె అప్పు వాయిదా, పశువు బీమా, కేంద్రంలో తీసుకున్న నెయ్యి వగైరా. మన 6,048లోంచి రెండు దాణా బస్తాలకు 2,600, అప్పు వాయిదా 1,000 పోతే చేతికి 2,448 రావాలి. దాణా ఏ తేదీన ఇచ్చారో, ఎన్ని బస్తాలో మీ పుస్తకంతో సరిచూడండి. ఒకే బస్తా రెండు పక్షాల్లో పడటం జరుగుతుంటుంది. అప్పు దగ్గర ఈ వాయిదా ఒక్కటే చూస్తే చాలదు. పోయిన బిల్లులోని బాకీలోంచి ఈ వాయిదా తీసేస్తే ఈ బిల్లులో చూపిన బాకీ రావాలి. వడ్డీ ఉంటే అది విడిగా కనబడాలి. ఈ అంకె కుదరకపోతే తర్వాతి బిల్లు దాకా ఆగకుండా, పాత బిల్లు, కొత్త బిల్లు రెండూ పట్టుకుని అదే వారం కేంద్రానికి వెళ్లండి. అప్పటికింకా ఆ పక్షం కాగితాలు వాళ్ల దగ్గరా ఉంటాయి.