ఆగుతోందా, ఫాస్టు పోతోందా, స్లో అవుతోందా?

సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీకి ఉండేవి రెండే స్థితులు. తిరుగుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఆటోమేటిక్ వాచీ అలా కాదు. తనకేం కావాలో, తనకేం జరిగిందో టైము తప్పడంలోనే చెబుతుంది. రాత్రి తీసిపెడితే తెల్లారేసరికి ఆగిపోవడానికి ఒక కారణం ఉంటుంది. నిన్నటిదాకా బాగా నడిచినది ఇవాళ ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పోతే కారణం వేరు. నెలల తరబడి కొంచెం కొంచెంగా వెనకబడుతుంటే అది మూడో సంగతి. ఈ తేడా తెలియక చాలామంది మూడింటికీ ఒకటే మందు వేస్తారు: దుకాణానికి తీసుకెళ్లి సర్వీసింగ్ చేయించడం. మొదటి రెండింటికీ దాని అవసరం తరచుగా ఉండదు.

మన దగ్గర ఎక్కువ మంది చేతికి కనిపించే ఆటోమేటిక్ సీకో 5. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. వాచీ వెనక మూతమీద కొన్ని అంకెలు, అక్షరాలు చెక్కి ఉంటాయి. వాటిలో మొదటి నాలుగూ లోపలి యంత్రం పేరు. 1996లో వచ్చిన 7ఎస్26 అనే యంత్రం పాత సీకో 5లలో చాలావాటిలో ఉంటుంది. కొత్తవాటిలో 4ఆర్36 ఉంటుంది. బయటికి అన్నదమ్ముల్లా కనిపించినా ఈ రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. 4ఆర్36కు చేత్తో కీ ఇవ్వొచ్చు. 7ఎస్26కు ఇవ్వలేం. పక్కనున్న క్రౌన్‌ని ఎంత తిప్పినా స్ప్రింగు చుట్టుకోదు.

ముందు ఆగిపోయే వాచీ సంగతి. లోపల అర్ధచంద్రం ఆకారంలో రోటర్ అనే బరువైన లోహపు పలక ఉంటుంది. సీకో 5లలో చాలావాటికి వెనక మూత అద్దమే కాబట్టి దాన్ని కళ్లారా చూడొచ్చు. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరుగుతుంది, ఆ తిరుగుడు పళ్లచక్రాల ద్వారా మెయిన్‌స్ప్రింగుని చుడుతుంది. పూర్తిగా చుట్టుకున్న స్ప్రింగు ఈ యంత్రాలను నలభై గంటల పైచిలుకు నడుపుతుంది. అంటే శనివారం సాయంత్రం నిండుగా ఉన్న వాచీని తీసిపెడితే సోమవారం ఉదయం దాకా నడవాలి.

ఆ ‘నిండుగా’ అన్న మాట దగ్గరే చిక్కు. రిటైరై ఇంట్లో కుర్చీలో పేపరు చదువుకునే పెద్దాయన, రోజంతా కంప్యూటరు ముందు మణికట్టు బల్లకు ఆనించి కూర్చునే ఉద్యోగి, వాచీ పెట్టుకున్నా దానికి తగినంత కదలిక ఇవ్వరు. పగలు చుట్టుకున్న కాస్తా రాత్రి ఖర్చైపోయి తెల్లవారుజామున ముల్లు ఆగుతుంది. అలాంటి వాచీలో లోపం వెతకడం వృథా. దాన్ని పరీక్షించే పద్ధతి తేలిక. 4ఆర్36 అయితే క్రౌన్‌ని లాగకుండా, వాచీకి ఆనివున్న చోటే ఉంచి, యాభై అరవై చుట్లు నింపాదిగా తిప్పండి. 7ఎస్26 అయితే వాచీని బల్లపరుపుగా పట్టుకుని అటూ ఇటూ అర నిమిషం ఊపితే నడక మొదలవుతుంది. తర్వాత రెండు మూడు రోజులు, రోజుకు ఎనిమిది పది గంటలు తిరుగుతూ పెట్టుకోవాలి. ఆ తర్వాత తీసిపెట్టి ఎన్ని గంటలకు ఆగిందో చూడండి. నలభైకి అటూ ఇటూగా వస్తే వాచీ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఇరవైలోపే ఆగితే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.

ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగు తెగుతుందన్న భయం హెచ్ఎంటీ జనతా, పైలట్ లాంటి కీ వాచీలు వాడిన తరానిది. వాటిలో స్ప్రింగు నిండగానే కీ బిగుసుకునేది, అక్కడ ఆపాలి. ఆటోమేటిక్‌లో స్ప్రింగు చివర డబ్బా గోడకు బిగించి ఉండదు. గోడను ఒత్తుకుని నిలుస్తుంది, నిండాక గోడ వెంబడి జారుతుంది. అందుకే ఎంత తిప్పినా క్రౌన్ బిగుసుకోదు, స్ప్రింగు తెగదు. తేదీ మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త ఉండాలి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా తేదీ, వారం మార్చే చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ వేళలో తేదీని బలవంతంగా తిప్పితే పళ్లు విరుగుతాయి. ఆగిన వాచీలో పగలో రాత్రో తెలియదు కాబట్టి ముందు ముళ్లను ఆరు దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ మార్చడం మంచిది.

ఇక ఉన్నట్టుండి ఫాస్టు పోయే వాచీ. ఎక్కువమంది దుకాణంలో అనవసరంగా డబ్బు వదిలేది ఇక్కడే.

ఒక మిత్రుడి 7ఎస్26 రోజుకు పదిహేను సెకన్లు ముందుకు పోయేది. ఈ యంత్రానికి కంపెనీ చెప్పే హద్దు రోజుకు నలభై సెకన్లు ముందుకు, ఇరవై సెకన్లు వెనక్కు. కాబట్టి పదిహేను అంటే చక్కటి నడక. ఒకరోజు సాయంత్రానికల్లా అది ఫోను కంటే మూడు నిమిషాలు ముందుంది. మళ్లీ సరిచేసి చూస్తే ఇరవై నాలుగు గంటల్లో ఆరు నిమిషాలు తేడా. కింద పడలేదు, నీళ్లలో తడవలేదు. ముందురోజు రాత్రి దాన్ని బ్లూటూత్ స్పీకరు మీద పెట్టి పడుకున్నాడు, అంతే.

వాచీలో కాలాన్ని కొలిచేది బ్యాలెన్స్ చక్రం. దాన్ని అటూ ఇటూ ఊపేది వెంట్రుక మందాన చుట్టలు చుట్టుకున్న హెయిర్‌స్ప్రింగు. ఈ యంత్రంలో ఆ చక్రం సెకనుకు ఆరుసార్లు, రోజుకు 5,18,400 సార్లు ఊగుతుంది. స్ప్రింగు పొడవు తగ్గితే ఊపు వేగం పెరుగుతుంది. అయస్కాంతం దగ్గరికి వెళ్లినప్పుడు హెయిర్‌స్ప్రింగు లోహం కొంత అయస్కాంతీకరణ చెందుతుంది, పక్కపక్క చుట్టలు ఒకదాన్నొకటి లాగుతాయి, ఒక్కోసారి అంటుకుంటాయి. అంటుకున్న మేర స్ప్రింగు పనిచేయదు, అంటే పొడవు తగ్గినట్టే. అందుకే అయస్కాంతం సోకిన వాచీ సాధారణంగా నిమిషాల్లో ముందుకు పోతుంది. మరీ గట్టిగా సోకితే ఆగడమూ ఉంది. గట్టి దెబ్బ తగిలి చుట్టలు చిక్కుపడినా ఇదే లక్షణం కనిపిస్తుంది. కాబట్టి వాచీ ఎక్కడైనా కింద పడిందా అన్నది ముందు గుర్తు తెచ్చుకోవాలి.

సోకిందో లేదో తేల్చడానికి పిల్లలు వాడే చిన్న దిక్సూచి చాలు. బల్లమీద పెట్టి, ముల్లు నిలిచాక వాచీని పక్కనుంచి నెమ్మదిగా దగ్గరికి తేవాలి. లోపలి ఉక్కు భాగాల వల్ల ముల్లు కొంచెం కదలడం మామూలే. ముల్లు గట్టిగా తిరిగి, వాచీని మరోవైపు తిప్పినప్పుడు వెనక్కి పారిపోతే అయస్కాంతం సోకినట్టే. ఫోనులోని దిక్సూచి యాప్‌తో చూడొద్దు. ఫోనులోనే స్పీకరు అయస్కాంతం ఉంటుంది, పరీక్షే కొత్త జబ్బు అంటించగలదు.

దీనికి మందు డీమాగ్నటైజర్ అనే చిన్న డబ్బా. వాచీ మెకానిక్ దగ్గర ఉంటుంది, ఆన్‌లైన్‌లోనూ చవగ్గా దొరుకుతుంది. ఇంటి కరెంటు సెకనుకు యాభై ఆవృత్తాలతో దిశ మార్చుకుంటూ ఉంటుంది. డబ్బాలోని తీగచుట్ట ఆ కరెంటుతో అలాగే దిశ మార్చే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. వాచీని దానిమీద ఉంచి, బటన్ నొక్కి, నొక్కి ఉంచే వాచీని నిటారుగా పైకి, ఒక చేయి పొడవు దూరానికి నెమ్మదిగా తీసుకెళ్లాలి. అంత దూరం వెళ్లాకే బటన్ వదలాలి. దూరమయ్యే కొద్దీ క్షేత్రం బలహీనపడుతూ స్ప్రింగులోని అయస్కాంతత్వాన్ని సున్నా వైపు తెస్తుంది. వాచీ డబ్బామీద ఉండగానే బటన్ వదిలితే, ఆ క్షణంలో క్షేత్రం ఏ దిశలో ఉందో అలాగే స్ప్రింగు మిగిలిపోతుంది. ముందుకంటే చెడిపోవచ్చు. డబ్బా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి కొన్ని సెకన్లలో ముగించి, చాలకపోతే చల్లారాక మళ్లీ చేయాలి. మిత్రుడి వాచీకి రెండోసారికి దిక్సూచి ముల్లు ప్రశాంతంగా నిలిచింది. మర్నాడు చూస్తే తేడా మళ్లీ పదిహేను సెకన్లే. దాన్ని విప్పి సర్వీసింగ్ చేయించి ఉంటే అనవసరపు ఖర్చు అయ్యేది.

ఫోనులు, ల్యాప్‌టాప్ స్పీకర్లు, హ్యాండ్‌బ్యాగు మూతకుండే అయస్కాంతపు బొత్తాలు, వైర్‌లెస్ చార్జర్లు, నడుస్తున్న ఇండక్షన్ స్టవ్ ఇంట్లో జాగ్రత్తపడాల్సినవి. అయస్కాంత బలం దూరంతో చాలా త్వరగా పడిపోతుంది. చిన్న వస్తువుల నుంచి ఓ అయిదు సెంటీమీటర్లు ఎడంగా ఉంచితే చాలావరకు ప్రమాదం ఉండదు, పెద్ద స్పీకర్లకు ఇంకా ఎక్కువ దూరం కావాలి. అయస్కాంత నిరోధకమని అమ్మే వాచీలకు ఐఎస్ఓ 764 ప్రమాణం కోరేది మీటరుకు 4,800 ఆంపియర్ల క్షేత్రాన్ని తట్టుకోవడం. స్పీకరుకు ఆనించి ఉంచితే అంతకు మించిన క్షేత్రం తగలవచ్చు. కాబట్టి ఆ ముద్ర ఉన్నా ఎడం పాటించాల్సిందే.

రోజూ పెట్టుకోని వాచీ దాచడంలోనూ ఇదే సూత్రం. అది ఆగి ఉంటే నష్టం లేదు. వాచీని గుండ్రంగా తిప్పే వైండర్ పెట్టెలు అమ్ముతారు గానీ, ఒకటి రెండు వాచీలున్న ఇంట్లో వాటి అవసరం నాకు కనిపించదు. ఊరికే తిరిగే యంత్రం ఊరికే అరుగుతుంది కూడా. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరపు ఊళ్లలో మాత్రం చెమట, ఉప్పుగాలి తోడవుతాయి. దాచేముందు మెత్తటి బట్టతో వెనక మూతను, పట్టీ అంచులను తుడిచి, సిలికా జెల్ పొట్లం ఉన్న డబ్బాలో పెట్టాలి. పట్టుచీరల మధ్య వేసే నాఫ్తలీన్ ఉండల దగ్గర పెట్టొద్దు, ఆ ఆవిర్లు వాచీకి మంచివి కావు. ఇంకో చిన్న విషయం. రాత్రి వాచీని పడుకోబెట్టినా, పక్కమీద నిలబెట్టినా బ్యాలెన్స్ చక్రంపై రాపిడి వేరుగా ఉంటుంది. ఏ భంగిమలో ముందుకు పోతోందో, ఏ భంగిమలో వెనకబడుతోందో కొన్ని రోజులు రాసుకుంటే, పగటి తేడాను రాత్రి భంగిమతో సరిచేయొచ్చు.

చివరికి నెమ్మదిగా వెనకబడే వాచీ. ఏళ్లు గడిచాక నూనె ఆరుతుంది, చెదురుతుంది, చక్రాల మీద రాపిడి పెరుగుతుంది. బ్యాలెన్స్ ఊపు చిన్నదవుతుంది. సీకో మూడు నాలుగేళ్లకు, ఒమేగా అయిదు నుంచి ఎనిమిదేళ్లకు, రోలెక్స్ పదేళ్లకు అటూ ఇటూగా సర్వీసింగ్ చేయించమంటాయి. ఈ తేడాలో యంత్రం, నూనెల తీరుతో పాటు కంపెనీ జాగ్రత్త కూడా కలిసి ఉంటుంది. నా సలహా ఏమిటంటే నెలకొకసారి నిండుగా చుట్టిన వాచీ తేడా రాసుకోండి. నిలకడగా ఉన్నంతకాలం ఏడేళ్లయినా ఆగొచ్చు. మునుపటి కంటే స్పష్టంగా వెనకబడినా, నడిచే గంటలు తగ్గినా ఆలస్యం చేయొద్దు. నూనె లేకుండా నడిచే ఉక్కు ఇరుసులు అరిగి, సర్వీసింగ్‌తో పోయే పని విడిభాగాలు మార్చే పని అవుతుంది.

దుకాణంలో అడగాల్సింది ‘ఆయిలింగ్ ఎంత?’ అని కాదు. విప్పకుండా యంత్రాన్ని మొత్తంగా పెట్రోల్‌లో ముంచి, పైపైన నూనె చుక్కలు వేయడం సర్వీసింగ్ కాదు. ప్రతి చక్రాన్నీ విడదీసి కడిగి, తగినచోట తగిన చిక్కదనపు నూనె వేసి, మళ్లీ కూర్చి, టైమ్‌గ్రాఫర్ మీద ఊపు, తేడా చూడాలి. నిండుగా చుట్టి, డయల్ పైకి పెట్టినప్పుడు బ్యాలెన్స్ ఊపు 270 డిగ్రీల చుట్టూ ఉంటే ఆరోగ్యం, 200కు దిగువన ఉంటే పని మిగిలి ఉన్నట్టు. యంత్రం చప్పుడు విని ఈ లెక్కలు చూపే ఆ పరికరపు తెరను ఇచ్చేముందు, తీసుకునేముందు చూపించమని అడగండి. వెనక మూతకు, క్రౌన్‌కు ఉండే రబ్బరు గ్యాస్కెట్లను కూడా ఆ దఫాలోనే మార్పించాలి. నీటి నిరోధకత వాటిమీదే ఆధారపడుతుంది, చెమట తగిలే వాచీలో అవి యంత్రం కంటే ముందే పాడవుతాయి. 7ఎస్26 లాంటి చవకైన యంత్రానికి పూర్తి సర్వీసింగ్ ఖర్చు కొత్త యంత్రం ధర దగ్గరికి వస్తే, మెకానిక్ దాన్నే మార్చేద్దామనడం సబబే. ఇంట్లో పెద్దల గుర్తుగా మిగిలిన వాచీ అయితే మాత్రం, అసలు యంత్రాన్నే బాగుచేసి ఇమ్మని పని మొదలుపెట్టకముందే చెప్పాలి. ఒకసారి మార్చాక పాత యంత్రం తిరిగి చేతికి రాకపోవచ్చు.