గోడకు వేలాడే కమోడ్ బరువు ఎవరు మోస్తారు?

ఈమధ్య కొత్త ఫ్లాట్లలో కమోడ్లు నేలను తాకడం లేదు. ఫ్లష్ ట్యాంకు గోడలో దాగిపోతుంది, కమోడ్ గోడకు వేలాడుతుంది. కింద తుడుచుకోవడం సులువే. బరువైన మనిషి కూర్చుంటే ఊడి పడదా అన్న అనుమానం మాత్రం చాలామందికి వస్తుంది.

సరిగ్గా బిగిస్తే పడదు. ఇలాంటి కమోడ్ 400 కిలోలు తట్టుకోవాలని ఐరోపా ప్రమాణం చెబుతోంది. ఆ బరువు మోసేది టైల్ కాదు, దాని వెనకున్న ఉక్కు ఫ్రేమ్. దాని కాళ్లు నేలకూ, పైభాగం గోడకూ బిగుస్తాయి. 100 కిలోల మనిషి ఫ్రేముకు 45 సెంటీమీటర్ల ముందు కూర్చున్నాడనుకుందాం. బరువు కాళ్ల మీదుగా నేలకు దిగుతుంది. కానీ ఫ్రేమ్ ముందుకు ఒరగాలని చూస్తుంది కాబట్టి, 1.1 మీటర్ల ఎత్తున పై బోల్టుల మీద సుమారు 40 కిలోల లాగుడు పడుతుంది. ధబాలున కూర్చుంటే అంతకన్నా ఎక్కువే.

చిక్కు ఇక్కడే. అపార్ట్‌మెంట్లలో అడ్డుగోడలు చాలాచోట్ల నాలుగంగుళాల ఏఏసీ దిమ్మెలవి. మామూలు యాంకర్ బోల్టు బిగించే కొద్దీ ఆ మెత్తని దిమ్మె పొడి అయిపోతుంది, పట్టు దొరకదు. అక్కడ గోడకు ఆ వైపు నుంచి ఈ వైపుకు బోల్టు వేసి వెనక పట్టీ పెట్టాలి, లేదా ఆ దిమ్మెలకు తగిన కెమికల్ యాంకర్ వాడాలి. నేలలోనూ ఇదే సమస్య. బాత్రూమ్ స్లాబును పల్లంగా వేసి ఇటుక ముక్కలతో నింపి ఉంటే, కాళ్లు ఆ నింపుడు మీద కాకుండా స్లాబు నుంచి లేపిన కాంక్రీటు దిమ్మె మీద నిలవాలి.

తర్వాతది మట్టం. చాలా ఫ్రేముల మీద ఒక మీటరు గీత ఉంటుంది. దాన్ని కొలవాల్సింది టైల్స్ వేశాక వచ్చే నేల నుంచి. గచ్చు, టైల్ కలిపి ఇంకా 5 సెంటీమీటర్లు లేవాల్సి ఉండగా పచ్చి నేల నుంచి కొలిస్తే, 42 సెంటీమీటర్లు ఉండాల్సిన సీటు 37కు దిగిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది నిజమైన కష్టం. అప్పుడు టైల్స్ పగలగొట్టక తప్పదు. రసమట్టం అడ్డంగానూ నిలువుగానూ పెట్టి చూశాకే బోల్టులు పూర్తిగా బిగించాలి.

గోడ మూసేలోపు ట్యాంకు నింపి, పదేపదే ఫ్లష్ చేసి, ప్రతి అతుకునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. కాగితం తడిస్తే లీకేజీ ఉన్నట్టే. ట్యాంకు లోపలి వాల్వులు, రబ్బర్లు పాడైతే ఫ్లష్ ప్లేటు తీసి మార్చుకోవచ్చు. గోడలో మూసేసిన పైపు అతుకు కారితే మాత్రం ఆ దారి లేదు.

కమోడ్‌కూ టైల్‌కూ మధ్య మెత్తని షీటు పెట్టి, నట్లను రెండు వైపులా కొంచెం కొంచెంగా సమానంగా బిగించాలి. ఒకేవైపు బలంగా తిప్పితే పింగాణీ పగులుతుంది. చుట్టూ సిలికాన్ పూసేటప్పుడు అడుగు భాగం వదిలేయమని ప్లంబర్‌కు చెప్పండి. వెనక ఎప్పుడైనా నీరు కారితే ఆ సందులోంచి బయటకు కనబడుతుంది.