గంటకెంత గిట్టుతోంది?

పిల్లలు బడికెళ్లగానే వాట్సప్ గ్రూపులో చీరల ఫొటోలు. మధ్యాహ్నం ఎవరో పంపిన వీడియోకి తెలుగు సబ్‌టైటిల్స్. సాయంత్రం ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్. రాత్రి నిద్రొచ్చేదాకా ఫోన్లో సర్వేలు. ఆదివారం యూట్యూబ్‌కి వంట వీడియో... ఇంట్లో కూర్చునే నాలుగు రాళ్లు సంపాదిస్తున్న చాలామంది దినచర్య ఇంచుమించు ఇదే. అన్నిటి నుంచీ ఎంతో కొంత వస్తూనే ఉంటుంది. మరి వాటిలో నిజంగా గిట్టుబాటు అవుతున్నది ఏది?

ఎక్కువ డబ్బు తెచ్చేదే కదా అనిపిస్తుంది. కానీ ఈ పనులన్నిటికీ పెట్టే అసలు పెట్టుబడి సమయం. కాబట్టి చూడాల్సింది నెలకు ఎంత వచ్చిందని కాదు, గంటకు ఎంత మిగిలిందని. అందుకు ఒక్క షీటు చాలు.

అయిదు కాలమ్‌లు

గూగుల్ షీట్స్‌లో కొత్త షీటు తెరిచి వరుసగా అయిదు కాలమ్‌లు పెట్టుకోవాలి. Aలో తేదీ, Bలో పని పేరు, Cలో పట్టిన నిమిషాలు, Dలో వచ్చిన డబ్బు, Eలో ఖర్చు. పని ముగిసిన ప్రతిసారీ ఒక వరుస నింపాలి. పక్కన G కాలమ్‌లో G2 నుంచి కిందికి పనుల పేర్లు ఒక్కొక్కటి రాసి, H2లో ఈ సూత్రం ఇచ్చి కిందికి లాగితే గంటకు మిగిలేది ఎంతో తేలిపోతుంది.

```
=(SUMIF(B:B,G2,D:D)-SUMIF(B:B,G2,E:E))/SUMIF(B:B,G2,C:C)*60
```

ఇందులో ఏముందంటే, ఆ పని మీద వచ్చిన డబ్బంతా కూడి, ఖర్చంతా తీసేసి, పట్టిన నిమిషాలతో భాగించి, అరవైతో హెచ్చవేయడమే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఒకరోజు ‘ట్యూషన్’ అనీ మరోరోజు ‘ట్యూషన్లు’ అనీ రాస్తే షీటు వాటిని వేర్వేరు పనులనుకుంటుంది. రెండోది లెక్కలోకే రాదు. అందుకే B కాలమ్‌కి డ్రాప్‌డౌన్ పెట్టుకుని, పేరు టైపు చేయకుండా అందులోంచే ఎంచుకోవడం మేలు.

కనిపించని నిమిషాలు

లెక్క తప్పేది ఎక్కువగా C కాలమ్‌లోనే. ట్యూషన్ అంటే గంట క్లాసే గుర్తుంటుంది. ముందురోజు ప్రశ్నలు తయారుచేసిన సమయం, పేపర్లు దిద్దిన సమయం గుర్తుకురావు. చీరల వ్యాపారంలో అయితే ఫొటోలు పెట్టడానికి పట్టేది పావుగంటే. ‘ఇదే చీర ఆకుపచ్చలో ఉందా?’, ‘కొరియర్ ఎక్కడిదాకా వచ్చింది?’ అన్న ప్రశ్నలకు రోజంతా జవాబులిస్తూనే ఉండాలి. ఇవన్నీ రాస్తేనే లెక్క నిజమవుతుంది. రాత్రికి గుర్తు తెచ్చుకుని రాస్తే తక్కువే పడుతుంది. ఎప్పటికప్పుడు రాసేయాలి.

డబ్బు విషయంలోనూ అంతే. తెరమీద కనిపించే మొత్తం కాదు, బ్యాంకులో పడిందే లెక్క. యూట్యూబ్ ప్రకటనల ఆదాయం వంద డాలర్లు దాటేదాకా మన ఖాతాకు రాదు. దాటాక కూడా ఒక నెల సంపాదన ఆ తర్వాతి నెల 21, 26 తేదీల మధ్యే విడుదలవుతుంది. చిన్న ఛానళ్లకు ఇలా రెండు మూడు నెలలకోసారి అందుతుంది కాబట్టి, ఏ నిర్ణయమైనా కనీసం మూడు నెలల లెక్క చూశాకే తీసుకోవాలి.

మూడు నెలల చిట్టా

ఓ గృహిణి పై అయిదు పనులూ చేస్తోందనుకుందాం. మూడు నెలల తర్వాత ఆమె షీటు ఇలా ఉందనుకుందాం.

ట్యూషన్: 72 క్లాసులు, క్లాసుకు 450 చొప్పున 32,400 రూపాయలు. తయారీతో కలిపి 108 గంటలు. అంటే గంటకు 300.

సబ్‌టైటిల్స్: 15,750 రూపాయల పని. ఫైవర్ లాంటి చోట 20 శాతం కమీషన్ పోతుంది కాబట్టి మిగిలింది 12,600. పట్టింది 60 గంటలు. గంటకు 210.

చీరలు: వచ్చిన మార్జిన్ 27,000. కొరియర్‌కి, వాపసు వచ్చిన సరుకుకి 8,400 పోగా 18,600. పట్టింది 155 గంటలు. గంటకు 120.

వంట వీడియోలు: ఒకే ఒక్కసారి 9,000 పడింది. సరుకులకు 2,400 పోతే 6,600. దానికి 110 గంటలు. గంటకు 60.

సర్వేలు: 35 గంటలకు 1,050. గంటకు 30 రూపాయలు!

చేతికొచ్చిన సొమ్ము చూస్తే చీరలది రెండో స్థానం. గంటల లెక్కలో మూడోది. ఎప్పుడో అప్పుడు వచ్చే పనిగా కనిపించిన సబ్‌టైటిల్స్ దాన్ని దాటేశాయి.

ఇప్పుడు చీరలు, సర్వేలు మానేస్తే పోయేది 19,650 రూపాయలు. మిగిలేది 190 గంటలు. అందులో 40 గంటలు ట్యూషన్‌కి, మరో 40 సబ్‌టైటిల్స్‌కి ఇస్తే, అవే రేట్లకు 12,000, 8,400 కలిపి 20,400 వస్తుంది. పోయిన డబ్బు తిరిగొచ్చింది. పైగా 110 గంటలు ఇంటికి మిగిలాయి.

వదిలేసే ముందు...

అలాగని అన్నీ మానేసి ట్యూషన్లే చెబుతానంటే కుదరదు. పిల్లలకు ఖాళీ దొరికేది సాయంత్రం రెండు మూడు గంటలే. అవి నిండాక ఎంత ఓపికున్నా క్లాసు దొరకదు. అందుకే ‘ఈ పనిలో సగటున ఎంత వస్తోంది’ అన్నదే కాదు, ‘ఇంకో గంట పెడితే నిజంగా పని దొరుకుతుందా’ అన్నదీ చూడాలి. చీరలను ఒక్కసారిగా ఆపేయకుండా, కొత్త విద్యార్థి చేరాక ఆ మేరకు తగ్గించుకుంటూ పోవడం క్షేమం.

మూడు నెలల్లో ఏయే రోజులు పడ్డాయో కూడా గమనించాలి. దసరా, దీపావళి మధ్యలో ఉంటే చీరల లెక్క ఉబ్బి కనిపిస్తుంది. వేసవి సెలవులుంటే ట్యూషన్ లెక్క చిక్కిపోతుంది. అలాంటప్పుడు మరో మూడు నెలలు ఆగి చూడటమే న్యాయం.

ఇక వీడియోల సంగతి వేరు. పాత వీడియోలు మనం నిద్రపోతున్నా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. యూట్యూబ్ స్టూడియోలో ఏ వీడియోకి ఎంత వచ్చిందో విడివిడిగా చూడొచ్చు. డబ్బులో ఎక్కువ భాగం పాతవాటిదే అయితే, కొత్తవి చేసిన 110 గంటలకు దక్కింది గంటకు 60 కూడా కాదన్నమాట. అప్పుడు ఆపాల్సింది కొత్తవి చేయడం. ఛానల్‌ను తీసేయనక్కర్లేదు. అయితే ఆరు నెలలకు మించి ఏమీ పెట్టకపోతే ప్రకటనల ఆదాయం నిలిపేసే హక్కు యూట్యూబ్‌కి ఉంది. అందుకని రెండు మూడు నెలలకో వీడియో పెడుతూ ఉంటే సరిపోతుంది.

మానేసిన పని వరుసలను షీటులోంచి చెరిపేయొద్దు. రేపు సబ్‌టైటిల్స్ రేటు పడిపోయి గంటకు 100కి దిగితే, 120 ఇచ్చిన చీరలవైపు మళ్లీ చూడాలని గుర్తుచేసేవి ఆ వరుసలే.