288, 275, మళ్లీ 288

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బహానగా బజార్ స్టేషన్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే రైలు కావడంతో మనవాళ్లెందరో ఆ రాత్రంతా ఫోన్లలో వార్తలు చూస్తూనే ఉన్నారు. మర్నాటికి మృతులు 288 మంది అన్నారు. 4వ తేదీన ఒడిశా ప్రభుత్వం 275 అంది, కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కపెట్టారని చెప్పింది. 6న సంఖ్య మళ్లీ 288కి చేరింది.

ఇలాంటి వార్తను వెబ్‌సైట్‌లో ఎలా దిద్దాలి? హెడ్డింగ్‌లో అంకె మార్చడం క్షణం పని. చిక్కల్లా శనివారం 288 చదివిన మనిషి ఆదివారం అదే లింకు తెరిచి 275 చూస్తే వస్తుంది. మృతుల సంఖ్య పెరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు, తగ్గితే మాత్రం ఏదో దాస్తున్నారని అనుమానిస్తారు. అందుకే హెడ్డింగ్ మార్చడంతో పాటు, వార్త మొదట్లోనే ఇలా ఒక గమనిక పెట్టాలి:

"తాజా సమాచారం, జూన్ 4: ఈ వార్తలో మృతుల సంఖ్య 288 అని ముందు రాశాం. కొన్ని మృతదేహాలు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయంటూ ఒడిశా ప్రభుత్వం దాన్ని 275గా ప్రకటించింది. హెడ్డింగ్ కూడా మార్చాం."

ఇందులో పాత అంకె కచ్చితంగా ఉండాలి. "వార్తను అప్‌డేట్ చేశాం" అని ఊరుకుంటే ఏం మారిందో పాఠకుడే వెతుక్కోవాలి. 6న రెండో గమనిక పైన చేరుతుంది, మొదటిదీ అలాగే ఉంటుంది.

దీన్ని "సవరణ" అనకపోవడానికి కారణం ఉంది. అధికారులు చెప్పిన లెక్కనే ఆ రోజు వాళ్ల పేరుతోనే రాశారు, మారింది వాళ్ల లెక్క. అదే డెస్క్‌లో ఎవరో 288ని 388గా కొట్టి ఉంటే అది మన తప్పు, దానికి "సవరణ" అనే రాయాలి. కొన్ని సైట్లు సొంత తప్పుల్ని కూడా "అప్‌డేట్" కింద తోసేస్తాయి. నా దృష్టిలో అది తప్పించుకోవడమే. అచ్చుతప్పు దిద్దితే మాత్రం గమనిక అక్కర్లేదు.

టైమ్ విషయానికొస్తే, మొదట ప్రచురించిన సమయం, చివరిగా మార్చిన సమయం రెండూ కనిపించాలి. పేజీ కోడ్‌లో వీటికి `datePublished`, `dateModified` అని విడివిడిగా చోటు ఉంటుంది. కామా ఒకటి మార్చి రెండోదాన్ని ముందుకు జరిపితే పాత వార్త కొత్తదిలా కనిపిస్తుంది. కింద గమనిక లేకుండా గడియారం మాత్రమే కదిలిందంటే అనుమానించాల్సిందే.

ఇంత చేసినా చేతికందనిది ఒకటుంది. శనివారం వాట్సాప్ గ్రూపులో పంచిన లింకు కింద అప్పటి హెడ్డింగే ఉండిపోతుంది. అది మెసేజ్‌తో పాటే వెళ్లిపోయింది, సైట్‌లో దిద్దినా అక్కడ మారదు. లింకు నొక్కి లోపలికి వచ్చినవాళ్లకే గమనిక కనిపిస్తుంది.