పాస్తా గంజి పారబోయకండి

ఇటలీ వంటింట్లో లెక్క సులువు: 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. నీళ్లు తక్కువైతే పాస్తా వేయగానే మరుగు తగ్గి, పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఉప్పు ఉడికేటప్పుడే లోపలికి పడుతుంది. తర్వాత చల్లితే పైపైనే ఉండిపోతుంది.

వార్చాక చన్నీళ్లతో కడగొద్దు. పైనున్న జిగురే సాస్‌ను పట్టి ఉంచుతుంది. కడిగితే సాస్ జారి పళ్లెం అడుక్కి చేరుతుంది. చల్లగా తినే సలాడ్‌కైతే కడగొచ్చు.

వార్చేముందు ఒక కప్పు గంజి తీసి పక్కన పెట్టుకోండి. వెల్లుల్లి వేయించిన ఆలివ్ నూనెలో అరకప్పు గంజి పోసి, ఇంకా కాస్త పలుకుగా ఉన్న స్పగెట్టీ వేసి, నిమిషంపాటు కలియతిప్పండి. నూనె, నీరు విడిపోకుండా చిక్కబడి, ప్రతి పోగుకూ పూతలా పట్టుకుంటాయి. గంజిలో ఉప్పుంటుంది కాబట్టి, మళ్లీ వేసేముందు రుచి చూడండి.