కుట్లున్నాయని ఆపుకోవద్దు

తొలికాన్పు. బిడ్డ తల బయటికొచ్చే వేళ డాక్టరమ్మ కింద చిన్న కోత పెట్టి, తర్వాత కుట్లు వేసింది. రెండు రోజులకు డిశ్చార్జి చేశారు, అమ్మాయి పుట్టింటికి వచ్చింది. కాన్పయి ఐదో రోజు నడుస్తోంది, ఇంకా మోషన్ కాలేదు. వెళ్ళాలని అనిపించకపోలేదు. ఒకసారి అనిపించినప్పుడు ఇంటి నిండా చుట్టాలు. ఇంకోసారి వెళ్ళి కూర్చుంది గానీ, కాస్త ముక్కగానే కుట్ల దగ్గర చురుక్కుమంది. భయపడి లేచొచ్చేసింది.

"అమ్మా, ముక్కితే కుట్లు ఊడిపోతాయేమోనే" అంటే, "నువ్వు తిన్నదేముంది గనక? రేపటికి అదే అవుతుందిలే" అంది తల్లి. అలా రెండు రోజులు గడిచాయి. పొట్ట ఉబ్బింది, ఆకలి పోయింది. కూర్చున్నా పడుకున్నా కింద బరువుగా ఉంది.

ఈ అమ్మాయి ఎవరో ఒకరు కాదు. ఏ ఊళ్ళో ఏ పురిటింటికి వెళ్ళినా ఇలాంటి బాలింత కనిపిస్తుంది. అడిగితే తప్ప తనంతట తాను చెప్పదు. సిగ్గు ఒక కారణమైతే, కుట్ల భయం అంతకంటే పెద్ద కారణం. అందుకే ముందు కుట్ల సంగతే చూద్దాం.

కాన్పులో పెట్టే కోత యోని ద్వారం అంచు దగ్గర మొదలై పక్కకు ఏటవాలుగా వెళ్తుంది. మలద్వారానికి తగలకూడదనే దాన్ని అలా పక్కకు పెడతారు. కుట్టేటప్పుడు లోపలి పొర, దాని కింద కండరం, పైన చర్మం వరసగా విడివిడిగా కుడతారు. దారం తనంతట తాను కరిగిపోయే రకం. మలం వచ్చే దారి వేరు, కుట్లున్న చోటు వేరు. ముక్కినప్పుడు ఆ ప్రాంతమంతా కిందికి ఉబ్బుతుంది కాబట్టి చర్మం లాగినట్టయి చురుక్కుమంటుంది. అది లాగుడే, తెగడం కాదు. మామూలుగా మోషన్‌కు వెళ్ళినంత మాత్రాన సరిగ్గా వేసిన కుట్లు ఊడవు. కుట్లు విడిపోయిన సందర్భాల్లో ఎక్కువగా కనిపించే కారణం ఇన్‌ఫెక్షన్.

అసలు ఇబ్బంది ఆపుకోవడంతోనే మొదలవుతుంది. పెద్దపేగు పని మలంలోని నీటిని పీల్చుకోవడం. మలం అక్కడ ఎన్ని గంటలు ఎక్కువ ఉంటే అంత నీరు పోయి అంత గట్టిపడుతుంది. ఇవాళ మెత్తగా రావలసింది మూడు రోజులాగితే ఉండకట్టి వస్తుంది. అప్పుడు నిజంగానే బలంగా ముక్కాలి. మలద్వారం అంచు చిట్లుతుంది, చుక్కలుగా ఎర్రటి రక్తం కనిపిస్తుంది. గర్భిణిగా ఉన్నప్పుడే మొలలు వచ్చి ఉంటే అవి వాస్తాయి. ఆ నొప్పి ఒకసారి చూసిన మనిషి మరునాడు ఇంకా ఆపుకుంటుంది. పదేపదే ఆపుకుంటే వెళ్ళాలన్న కబురు అందించే నరాలు కూడా మందగిస్తాయి.

కాన్పయిన రెండో రోజో మూడో రోజో తొలి మోషన్ రావడం మామూలే. ఎనిమా ఇచ్చి ఉంటే, నొప్పులప్పుడు ఏమీ తినకపోతే పేగు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ పాటి ఆలస్యానికి కంగారు పడక్కర్లేదు. గర్భంలో పేగుల కదలికను మందగింపజేసిన హార్మోన్ల ప్రభావం కూడా ఒక్క రోజులో పోదు. దానికి తోడు ఐరన్ మాత్రలు. కాన్పు తర్వాత 180 రోజులు రోజుకో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతుంది, రక్తం తక్కువున్న బాలింతకు అది తప్పనిసరి. ఐరన్ వల్ల మలం నల్లగా, కొందరికి గట్టిగా వస్తుంది. నలుపు చూసి భయపడి మాత్ర మానేయకూడదు. అన్నం తిన్నాక వేసుకోవడమో, మాత్ర రకం మార్చడమో డాక్టరు చెబుతారు. సిజేరియన్ తర్వాత ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు ఇచ్చి ఉంటే అవీ పేగును బిగబెడతాయి. పారాసెటమాల్‌తో ఆ బాధ పెద్దగా ఉండదు.

ఇక మన పథ్యం దగ్గరికి వద్దాం. వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, నెయ్యి, వేడన్నం, పూటకు కొలిచినట్టు కాసిని గోరువెచ్చని నీళ్ళు. చాలా ఇళ్ళలో తొలి వారం ఇంతే. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని, పప్పు తింటే కుట్లు చీము పడతాయని, పళ్ళు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దవాళ్ళ నమ్మకం. ప్రేమతోనే చేస్తారు, అందులో సందేహం లేదు. కానీ ఈ కట్టుబాట్లు మూడూ కలిసి మలం మెత్తబడటానికి కావలసిన నీళ్ళను, పీచును బాలింత విస్తట్లోంచి తీసేస్తున్నాయి. పప్పుకు, చీముకు సంబంధం లేదు. చీము పట్టించేది సూక్ష్మక్రిములు. పుండు మానడానికి పప్పులోని మాంసకృత్తులే కావాలి. నీళ్ళ సంగతి మరీ ముఖ్యం. పాలిచ్చే తల్లి ఒంట్లోంచి రోజూ అర లీటరు పైనే నీరు పాలుగా వెళ్ళిపోతుంది. తాగేది తక్కువైతే పేగు మలంలోంచి ఇంకాస్త పిండుకుంటుంది.

ఇంట్లో గొడవ పెట్టుకోకుండానే సర్దుకోవచ్చు. పథ్యంలో పెద్దవాళ్ళు ఒప్పుకునే కూరలు చాలా ఉన్నాయి: బీరకాయ, పొట్లకాయ, మెంతికూర, ములగాకు. అన్నంలో పొడి ఒక ముద్దకే ఆపి, మిగతాది పెసరపప్పు వేసి వండిన బీరకాయ కూరతో తింటే సగం పని అయినట్టే. రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష, రెండు మూడు అంజీర్ పళ్ళు పొద్దున్నే తినొచ్చు. బాగా పండిన అరటిపండు, జామపండు, బొప్పాయి పండు తినొచ్చు. కాన్పయిపోయాక పండిన బొప్పాయికి భయపడే పనే లేదు. నీళ్ళు చల్లగా ఉండాలని ఎవరూ అనరు, గోరువెచ్చగానే తాగండి. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు అని పెట్టుకుంటే రోజుకు ఎనిమిది, పది గ్లాసులు తేలిగ్గా అవుతాయి. మూత్రం లేత రంగులో ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు.

పొద్దున ఏదైనా వేడిగా తాగి, టిఫిన్ తిన్న అరగంటలోపు పేగు తనంతట తాను కదులుతుంది. ఆ సమయాన్ని వదులుకోకూడదు. అప్పుడు బిడ్డ ఏడ్చినా అమ్మమ్మో నాన్నో ఎత్తుకోవాలి, తల్లి వెళ్ళాలి. కమోడ్ ఉంటే పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్ళు నడుము కంటే కాస్త ఎత్తుగా ఉండేలా ముందుకు వంగి కూర్చోవాలి. ఉతికిన మెత్తటి గుడ్డను మడిచి, లేదా కొత్త ప్యాడ్ తీసుకుని, ముందువైపు నుంచి కుట్ల మీద అరచేత్తో మెల్లగా ఒత్తి పట్టుకోవాలి. ఆ ఆసరాతో చర్మం లాగుడు తగ్గుతుంది, ఊడుతుందేమోనన్న భయమూ తగ్గుతుంది. ఊపిరి బిగబట్టకుండా నోరు కాస్త తెరిచి మెల్లగా వదులుతుండాలి. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయాలి. కింద కూర్చునే దొడ్డే ఉన్న ఇంట్లో గోడనో కిటికీనో పట్టుకుని మెల్లగా కూర్చోవచ్చు. తొలి వారం అదీ కష్టమైతే, మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీలు మందుల షాపుల్లో దొరుకుతాయి. కడుక్కోవడం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. సిజేరియన్ అయినవాళ్ళు పొట్ట మీద దిండు ఆనించుకుని పట్టుకుంటే చాలు.

తిండితో, నీళ్ళతో సరిపోనప్పుడు మందు వాడటంలో తప్పు లేదు, కొందరికి ముందు నుంచే కావాలి కూడా. అన్నిటికంటే ఎక్కువగా రాసేది లాక్టులోజ్ సిరప్. ఇది పేగులోనే ఉండి నీటిని మలంలోకి లాగుతుంది. రక్తంలోకి దాదాపుగా చేరదు కాబట్టి పాలిచ్చే తల్లికి భయం లేదు. పెద్దవాళ్ళకు మామూలుగా 15 మిల్లీలీటర్లు పొద్దున, 15 మిల్లీలీటర్లు రాత్రి ఇస్తారు. పని చేయడానికి రెండు రోజుల దాకా పట్టవచ్చు, మొదట్లో కాస్త గ్యాస్ కూడా పడుతుంది. ఈ సంగతి తెలియక "ఒక రోజు తాగాను, పని చేయలేదు" అని పక్కన పెట్టేసేవాళ్ళు చాలామంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి కూడా ఇదే తరహాలో నీటిని పట్టి ఉంచుతుంది.

ఇసబ్‌గోల్ పొట్టు మంచిదే గానీ దానికి ఒక షరతు ఉంది. చెంచాడు పొట్టు నిండు గ్లాసు నీళ్ళలో కలిపిన వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. నీళ్ళు కొలిచి తాగుతున్న బాలింతకు అదే పొట్టు పేగులో గట్టి ముద్దయి కూర్చుంటుంది. ఇప్పటికే మలం గట్టిగా ఇరుక్కుని ఉంటే ముందు దాన్ని కదిలించాలి, పొట్టు సంగతి తర్వాత.

ఆముదం పట్టించడం, సునాముఖి కలిసిన చూర్ణాలు ఇవ్వడం కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. అవి పేగును బలవంతంగా మెలిపెట్టి కదిలిస్తాయి. కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు రావచ్చు, ఇంటి చూర్ణంలో మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు. సునాముఖి మాత్ర, బిసాకోడిల్ లాంటివి అవసరమైతే డాక్టరే కొద్ది రోజులకు రాస్తారు, అలా వాడితే పాలివ్వడం మానక్కర్లేదు.

మొదట చెప్పిన అమ్మాయిని ఐదో రోజు సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళారనుకోండి. డాక్టరు ముందు కుట్లు చూస్తుంది, చెక్కు చెదరలేదు. "నీళ్ళు ఎన్ని తాగుతున్నావమ్మా?" అని అడిగితే రోజుకు ఒక చెంబని తేలుతుంది. కోత మామూలుదే కాబట్టి ఒక గ్లిజరిన్ సపోజిటరీ పెట్టిస్తుంది. మలద్వారంలో కరిగి గట్టి మలాన్ని జారేలా చేసే చిన్న మందు గుళిక అది. చాలామందికి గంటలోపు మోషన్ అవుతుంది. ఆ రాత్రి నుంచి లాక్టులోజ్ మొదలవుతుంది. ఐరన్ అన్నం తిన్నాక వేసుకుంటుంది. మలం మెత్తగా రోజూ వస్తుంటే వారం తర్వాత మోతాదు తగ్గిస్తూ మానేయవచ్చు. మరీ పల్చగా వస్తే ఆ రోజే తగ్గించాలి.

కాన్పులో చిరుగు మలద్వారం కండరం దాకా వెళ్ళి ఉంటే మాత్రం లెక్క వేరు. డాక్టర్లు దాన్ని మూడో, నాలుగో డిగ్రీ చిరుగు అంటారు. అలాంటివారికి కుట్టిన రోజు నుంచే మలం మెత్తబరిచే మందు ఇస్తారు. అది ఒక్క పూట కూడా మానకూడదు. డాక్టరు చెప్పనిదే ఎనిమా గానీ సపోజిటరీ గానీ పెట్టకూడదు. డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడే "నాది ఏ డిగ్రీ చిరుగు?" అని అడిగి తెలుసుకోవాలి.

గ్యాస్ గానీ మలం గానీ ఆపుకోలేకపోతున్నా, కుట్ల దగ్గర చెడు వాసన, వాపు, చీము ఉన్నా, జ్వరం వచ్చినా, రక్తం చారికలుగా కాక ధారగా పోతున్నా అదే రోజు చూపించుకోవాలి. సిజేరియన్ తర్వాత పొట్ట బిగిసి, గ్యాస్ కూడా పోక, వాంతులవుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు. ఇంకొకటుంది, అది చాలామంది పొరబడే సంగతి. రోజుల తరబడి మోషన్ కాని మనిషికి ఉన్నట్టుండి నీళ్ళలా కొద్దికొద్దిగా కారుతుంటే అవి విరేచనాలు కాకపోవచ్చు. లోపల ఇరుక్కున్న గట్టి ముద్ద పక్కనుంచి నీరు జారి అలా వస్తుంది. విరేచనాలు కట్టే మాత్ర వేస్తే ఆ ముద్ద ఇంకా బిగుస్తుంది. కాబట్టి మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళి, చివరిసారి మోషన్ ఏ రోజు అయిందో చెప్పాలి.